మన కారుతో వేరే రాష్ట్రం వెళ్తే పర్మిట్, ట్యాక్స్ కట్టాలా? బోర్డర్ కాదు, బోర్డు చూడండి!

  పోయిన ఎపిసోడ్ కింద ఒకే ప్రశ్న చాలామంది అడిగారు. "అన్నా, సెలవులకి ఫ్యామిలీతో ఊటీ వెళ్దామనుకుంటున్నాం, సొంత కారు. బోర్డర్‌లో టెంపరరీ పర్మిట్ తీసుకోవాలంట, ఎంట్రీ ట్యాక్స్ కట్టాలంట, నిజమేనా?" అని. ఒక తమ్ముడైతే హైదరాబాద్ వెళ్ళేటప్పుడు కోదాడ దగ్గర ఎంత కట్టాలో చెప్పమన్నాడు.

సమాధానం ముందే చెప్పేస్తాను. మీ పేరు మీద ఉన్న తెల్ల బోర్డు కారులో మీ కుటుంబంతో తెలంగాణ, కర్ణాటక, తమిళనాడు ఎక్కడికి వెళ్ళినా పర్మిట్ అక్కర్లేదు, బోర్డర్‌లో ట్యాక్స్ కూడా లేదు. ఇంతే అయితే ఇది పది సెకన్ల వీడియో. కానీ ఇదే మాట నమ్ముకుని మా బాబాయి వాళ్ళు అర్ధరాత్రి రోడ్డు మీద నిలబడ్డారు. అది ఎందుకు జరిగిందో అర్థమైతే మొత్తం రూల్ అర్థమైపోతుంది.

రెండేళ్ళ క్రితం సంగతి. మా బాబాయి వాళ్ళది గుడివాడ. బెంగళూరులో పెళ్ళి, ఆరుగురు వెళ్ళాలి. ట్యాక్సీ అడిగితే కిలోమీటర్ రేటు కాకుండా కర్ణాటక ట్యాక్స్ వేరే అన్నారు. అప్పుడు ఊళ్ళో తెలిసినాయన ఒకరు, "మన ఏడు సీట్ల బండి ఉందిగా, తెల్ల బోర్డే, ట్యాక్సూ గీక్సూ ఏం ఉండవు, డ్రైవర్ని కూడా పంపిస్తా" అన్నాడు. రేటు తక్కువ. బాబాయి అడ్వాన్స్ ఫోన్‌లోనే కొట్టేశాడు. నోట్ దగ్గర శుభ్రంగా "car rent" అని కూడా రాశాడు.

చిత్తూరు, పలమనేరు దాటి నంగలి దగ్గర కర్ణాటకలోకి వెళ్ళారు. కాస్త ముందుకెళ్ళాక తనిఖీ. ఆఫీసర్ ఆర్సీ చూశాడు, డ్రైవర్ లైసెన్స్ చూశాడు, రెండింట్లో పేర్లు వేరు. కోపంగా ఏం అడగలేదు. వెనక కూర్చున్న మా చెల్లిని, "బండి ఎవరిదమ్మా, మీకేమవుతారు?" అన్నాడు. అది పదో తరగతి పిల్ల. "తెలీదండి, డ్రైవర్ అంకుల్‌కి తెలుసు" అంది. అయిపోయింది. డబ్బు ఎలా ఇచ్చారని అడిగితే బాబాయి దాచలేకపోయాడు. బండి ఆపేశారు. రాత్రి పదకొండింటికి పెళ్ళి సామాను చేతుల్లో పట్టుకుని బస్సు కోసం రోడ్డు మీద నిలబడ్డారు. బెంగళూరు చేరేసరికి ముహూర్తం దాటిపోయింది. పిన్ని ఇప్పటికీ ఆ మాట ఎత్తితే మాట్లాడదు.

బాబాయి నన్ను అడిగిందేంటంటే, "ఒరేయ్, తెల్ల బోర్డుకి ట్యాక్స్ లేదన్నది నువ్వేగా?" అని. నిజమే, అన్నాను. కానీ నేను చెప్పింది సగమే. ఆ రెండో సగం ఇప్పుడు చెప్తాను.

మోటారు వాహనాల చట్టం, 1988 అని ఉంది కదా. అందులో సెక్షన్ 66 ఏమంటుందంటే, బండిని ట్రాన్స్‌పోర్ట్ వాహనంగా వాడాలంటే పర్మిట్ ఉండాలి. అంటే అద్దెకి మనుషుల్ని ఎక్కించుకున్నా, సరుకు వేసినా. పర్మిట్ అనే మాట పుట్టిందే ఆ వాడకం కోసం. మీ సొంత కారులో మీ అమ్మానాన్నల్ని తీసుకెళ్తే అది ట్రాన్స్‌పోర్ట్ కాదు. కాబట్టి మీ ఊళ్ళోనే మీకు పర్మిట్ లేదు, పక్క రాష్ట్రంలో ఎందుకు ఉంటుంది? అదే చట్టం సెక్షన్ 46 ప్రకారం ఒక రాష్ట్రంలో రిజిస్టర్ అయిన బండిని దేశంలో ఇంకెక్కడా మళ్ళీ రిజిస్టర్ చేయక్కర్లేదు. ఇక ట్యాక్స్ అంటారా, కారు కొన్నప్పుడే లైఫ్ ట్యాక్స్ కట్టేశారు. కొద్దిరోజుల ట్రిప్‌కి పక్క రాష్ట్రం మళ్ళీ అడగదు.

ట్యాక్సీ సంగతి వేరు. దాని పర్మిట్ ఇచ్చింది మన రాష్ట్రం, అది చెల్లేది మన రాష్ట్రంలోనే. బయటికెళ్ళాలంటే ఆల్ ఇండియా టూరిస్ట్ పర్మిట్ అయినా ఉండాలి, లేదా ఆ ట్రిప్ వరకు టెంపరరీ పర్మిట్ తీసుకుని, అవతలి రాష్ట్రం ట్యాక్స్ కట్టాలి. మీరు విన్న "టెంపరరీ పర్మిట్, ఎంట్రీ ట్యాక్స్" అన్న మాటలు ఇక్కడివి.

మరి తెల్ల బోర్డు కారు అద్దెకి తిరిగితే? అది పర్మిట్ లేని ట్రాన్స్‌పోర్ట్ వాహనం. బోర్డర్ దాటినా, గుడివాడ నుంచి బెజవాడ వచ్చినా అంతే. సెక్షన్ 192ఏ కింద మొదటిసారికే 10,000 రూపాయల ఫైన్, ఆరు నెలల వరకు జైలు కూడా ఉంది. సెక్షన్ 207 కింద బండిని అక్కడే ఆపేసే అధికారం ఉంది. బాబాయి వాళ్ళకి జరిగింది ఇదే. ఫైన్ ఓనర్‌ది, కానీ రోడ్డు మీద నిలబడేది మనం.

దీనికంటే పెద్ద ప్రమాదం కనపడదు. సొంత కారు ఇన్సూరెన్స్ పాలసీ కాగితం తెరిచి "Limitations as to Use" అన్న దగ్గర చదవండి. అద్దెకి వాడితే పాలసీ వర్తించదని అక్కడ రాసి ఉంటుంది. ఘాట్ రోడ్డులో ఏదైనా జరిగితే, "ఈ ట్రిప్ అద్దెకి వెళ్ళింది" అని తేలితే, క్లెయిమ్ దగ్గర కంపెనీ అదే లైను చూపిస్తుంది. కిలోమీటరుకి రెండు మూడు రూపాయలు మిగిలాయని సంబరపడి కుటుంబాన్ని అలాంటి బండిలో ఎక్కించడం ఎంత రిస్కో ఆలోచించండి.

ఇక్కడ ఒక డౌట్ వస్తుంది. "మా బావ కారు తీసుకెళ్తే?" వెళ్ళొచ్చు. అద్దె లేకుండా చుట్టాల కారు, ఫ్రెండ్ కారు వాడుకోవడం తప్పు కాదు. పెట్రోల్ మీరు కొట్టించుకుంటే అది అద్దె అయిపోదు. ఆర్సీ దగ్గర పెట్టుకోండి, ఓనర్ ఫోన్ ఎత్తేలా చూసుకోండి, కారు ఎవరిదో లోపల ఉన్న అందరికీ తెలిసి ఉండాలి. నిజం ఒకటే అయితే అందరూ ఒకటే చెప్తారు, భయం లేదు.

మరి కోదాడ సంగతేంటి? ఆ తమ్ముడు ఎక్కడో విన్నది ఊరికే పుట్టలేదు. 2014 జూన్ 2 వరకు విజయవాడ, హైదరాబాద్ ఒకే రాష్ట్రం. మధ్యలో బోర్డర్ లేదు. విడిపోయాక 2015 ఏప్రిల్ 1 నుంచి తెలంగాణ ఆంధ్రా రవాణా వాహనాల దగ్గర ట్యాక్స్ తీసుకోవడం మొదలుపెట్టింది. బస్సులు, లారీలు, ట్యాక్సీలు. జగ్గయ్యపేట దాటగానే బండ్లు వరుసగా ఆగిపోయాయి. కారులో వెళ్ళేవాళ్ళు ఆ లైన్లు చూసి "మనం కూడా కట్టాలేమో" అనుకున్నారు. సొంత కార్లకి అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు.

ఇంకో గందరగోళం టోల్. బెజవాడ నుంచి హైదరాబాద్ వెళ్తే కీసర, చిల్లకల్లు, కొర్లపహాడ్, పంతంగి, నాలుగు చోట్ల ఫాస్టాగ్ నుంచి డబ్బులు కట్ అవుతాయి. అది రోడ్డు వాడినందుకు. రాష్ట్రంలోకి వచ్చినందుకు కాదు. తెల్ల బోర్డు అయినా కట్టాల్సిందే. ట్రిప్ అయ్యాక మెసేజ్‌లు చూసి "ఎంట్రీ ట్యాక్స్ కట్ అయింది" అని నాకు స్క్రీన్‌షాట్లు పంపిస్తారు కొందరు. అది టోలే అండీ.

2025 అక్టోబర్‌లో తెలంగాణ రవాణా శాఖ తన చెక్‌పోస్టులు మూసేసింది. దాంతో కొందరు ట్యాక్సీ డ్రైవర్లు "ఇక ఏం కట్టక్కర్లేదు సార్" అంటున్నారు. మూసింది గేటు, ట్యాక్స్ కాదు. ఇప్పుడు ముందే ఆన్‌లైన్‌లో కట్టి వెళ్ళాలి. దారిలో ఎక్కడ ఆపి చూసినా రసీదు ఉండాలి.

సరే, ఇప్పుడు పోయిన ఏడాది మే నెలలో మేం ఊటీ ఎలా వెళ్ళామో చెప్తాను. అందులో అన్నీ వస్తాయి.

మొత్తం పదకొండు మంది. మా కారులో నేను, మా ఆవిడ, అమ్మ, నాన్న, బాబు. బాబాయి వాళ్ళు ఆరుగురు. వాళ్ళ కోసం ఈసారి పసుపు బోర్డు బండి. బాబాయి ఫోన్ చేసి, "ఈసారి నువ్వే చూడరా, నేను మాట్లాడను" అన్నాడు. సరే బాబాయ్, మీరు బట్టలు సర్దుకోండి అన్నాను.

మొదట బండి నంబర్ అడిగాను. ఫోటో కూడా పంపమన్నాను. బోర్డు రంగు చూడటం నేర్చుకుంటే సగం పని అయిపోయినట్టే. తెలుపు మీద నల్ల అక్షరాలు అంటే సొంత వాడకం. పసుపు మీద నల్ల అక్షరాలు అంటే ట్యాక్సీ. నలుపు మీద పసుపు అక్షరాలు అంటే మనమే నడుపుకునే అద్దె కారు. ఆకుపచ్చ బోర్డు అంటే ఎలక్ట్రిక్. అందులో తెల్ల అక్షరాలుంటే సొంతం, పసుపు అక్షరాలుంటే ట్యాక్సీ. సెల్ఫ్ డ్రైవ్ కారు తీసుకునే కుర్రాళ్ళు ఇది గుర్తుపెట్టుకోండి. స్టీరింగ్ మీ చేతిలో ఉన్నా ఆ బండి సొంత కారు కింద లెక్క కాదు. ఏయే రాష్ట్రాలకి వెళ్ళొచ్చు, ట్యాక్స్ ఎవరు కడతారు అన్నది బుక్ చేసేటప్పుడే రాతపూర్వకంగా అడగండి.

తర్వాత ఎంపరివాహన్ యాప్‌లో ఆ నంబర్ కొట్టాను. వాహనం క్లాస్ దగ్గర `Motor Cab` లేదా `Maxi Cab` అని ఉంటే ట్యాక్సీ. `Motor Car` అని ఉంటే సొంత బండి. ఫోటోలో పసుపు బోర్డు పెట్టి లోపల సంగతి వేరే ఉంటే ఇక్కడ బయటపడుతుంది. ఫిట్‌నెస్, ఇన్సూరెన్స్ తేదీలు కూడా అక్కడే చూశాను.

అప్పుడు డ్రైవర్ని అడిగాను, "అన్నా, టూరిస్ట్ పర్మిట్ ఉందా, ట్రిప్‌కి ట్యాక్స్ కడతారా?" అని. ఆల్ ఇండియా టూరిస్ట్ పర్మిట్ రూల్స్ 2023లో కొత్తగా వచ్చాయి. ఒక్క పర్మిట్‌తో దేశమంతా తిరగొచ్చన్నది దాని ఉద్దేశం. కానీ దక్షిణాది రాష్ట్రాల్లో విడిగా ట్యాక్స్ అడుగుతున్నారని బండ్ల ఓనర్లకి, ప్రభుత్వాలకి మధ్య గొడవ నడుస్తోంది. అది మనం తేల్చేది కాదు. మనం తేల్చుకోవాల్సింది ఒకటే: ఈ ట్రిప్‌కి ఏ కాగితం ఉంది, ట్యాక్స్ డబ్బు రేటులో కలిసి ఉందా, విడిగానా. మా డ్రైవర్ దగ్గర ఆ పర్మిట్ లేదు. ట్రిప్ వరకు కడతానన్నాడు. సరే, రసీదు బయల్దేరే ముందే పంపాలి అన్నాను.

ఆ రసీదు తీసుకునేది `parivahan.gov.in` సైట్లోనే. ఆన్‌లైన్ సర్వీసుల్లో `Checkpost Tax` ఉంటుంది. ఏ రాష్ట్రంలోకి వెళ్తున్నామో ఆ రాష్ట్రం ఎంచుకుని, బండి నంబర్ కొడితే వివరాలు వస్తాయి. ఏ దారిలో ప్రవేశిస్తున్నాం, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు అని నింపితే ఎంతో లెక్కకట్టి చూపిస్తుంది. కట్టగానే రసీదు. సీట్ల సంఖ్య, రోజులు, రాష్ట్రాన్ని బట్టి మొత్తం మారుతుంది. గూగుల్‌లో వెతికితే ఇలాంటి పేరుతోనే వేరే సైట్లు కనపడతాయి. చివర `gov.in` లేకపోతే అక్కడ డబ్బు కట్టొద్దు.

రసీదు వచ్చాక నేను మూడు చూశాను. బండి నంబర్ సరిగ్గా ఉందా, రాష్ట్రం ఏది, తేదీలేంటి. ఇక్కడే తప్పు దొరికింది. మేం వెళ్ళే దారి ఇదీ: విజయవాడ, నెల్లూరు, చిత్తూరు, నంగలి దగ్గర కర్ణాటక, బెంగళూరు, మైసూరు, బందీపూర్, కక్కనల్ల దగ్గర తమిళనాడు, అక్కణ్ణుంచి ఊటీ. అంటే ట్యాక్సీకి రెండు రాష్ట్రాలు, రెండు రసీదులు. డ్రైవర్ తమిళనాడుది సరిగ్గానే తీశాడు. కర్ణాటకది మాత్రం వెళ్ళే రెండు రోజులకే తీశాడు. తిరిగొచ్చేది కూడా కర్ణాటక మీదుగానే కదా! మేం బయల్దేరింది శుక్రవారం తెల్లవారుజామున. తిరుగు ప్రయాణంలో కర్ణాటక దాటేది బుధవారం రాత్రి. కొంచెం ఆలస్యమైతే తేదీ మారి గురువారం అయిపోతుంది. అందుకని శుక్రవారం నుంచి గురువారం వరకు కట్టించాను. అర్ధరాత్రి దాటాక పది నిమిషాల తేడాతో రసీదు గడువు అయిపోవడం చాలామందికి జరిగే తప్పు. ఒక రోజు ఎక్కువ కట్టడమే నయం.

మా కారు సంగతి? కర్ణాటకకి సున్నా, తమిళనాడుకి సున్నా. లైసెన్స్, ఆర్సీ, ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్, ఈ నాలుగే. డిజిలాకర్‌లో గానీ ఎంపరివాహన్‌లో గానీ చూపిస్తే చెల్లుతాయి. కానీ బందీపూర్ అడవిలో సిగ్నల్ సరిగ్గా ఉండదు. యాప్ తిరుగుతూనే ఉంటుంది. కార్డులు ఉంటే జేబులో పెట్టుకోండి.

ఇక అసలు ట్విస్ట్. అంతా చెప్పాక నాన్న అడిగారు, "మరి మన కారుకి ఏ కాగితమూ అక్కర్లేదంటావ్?" అని. ఒకటి కావాలి నాన్నా అన్నాను. ఊటీ, కొడైకెనాల్ వెళ్ళాలంటే తెల్ల బోర్డు కారుకి కూడా ఈ-పాస్ ఉండాలి.

ఇది ట్యాక్స్ కాదు, ఆర్టీఓ పర్మిట్ కూడా కాదు. కొండ మీద బండ్లు ఎక్కువైపోయాయని మద్రాస్ హైకోర్టు ఆదేశిస్తే 2024 మే 7 నుంచి మొదలైంది. 2025 వేసవిలో అయితే ఊటీ ఉన్న నీలగిరి జిల్లాకి మామూలు రోజుల్లో 6,000, వారాంతాల్లో 8,000 బండ్లు మాత్రమే అని పరిమితి పెట్టారు. కొడైకెనాల్‌కి 4,000, 6,000. అంటే శనివారం కొండ ఎక్కాలనుకుని శుక్రవారం రాత్రి పాస్ కోసం కూర్చుంటే దొరక్కపోవచ్చు. హోటల్ డబ్బులు పోతాయి.

సైట్ `epass.tnega.org`. ఫోన్ నంబర్‌కి ఓటీపీ వస్తుంది. బండి నంబర్, ఎంతమంది, ఏ రోజు వస్తారు, ఏ రోజు వెళ్తారు, ఎక్కడ ఉంటారు అని నింపాలి. క్యూఆర్ కోడ్‌తో పాస్ వస్తుంది. ఉచితం. ఎవరైనా డబ్బులు అడిగితే అది మధ్యవర్తి కమీషనే. పాస్ బండికి ఒకటి. కాబట్టి మా కారుకి ఒకటి, బాబాయి వాళ్ళ ట్యాక్సీకి ఒకటి. ట్యాక్సీకి తమిళనాడు ట్యాక్స్ కట్టినా ఈ పాస్ వేరే కావాలి. రెండూ స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకున్నాం.

ఇంకోటి, బందీపూర్ అడవి రోడ్డు రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు మూసేస్తారు. ఏ పాస్ ఉన్నా తెరవరు. మైసూరులో రాత్రి ఆగి ఉదయం వెళ్ళాం. కక్కనల్లలో పాస్‌లు చూశారు, ప్లాస్టిక్ బాటిళ్ళు ఉన్నాయా అని డిక్కీ చూశారు. ట్యాక్సీ రసీదు చూశారు. పది నిమిషాల్లో వదిలేశారు. అక్కడ కూడా ఒకాయన మా చెల్లిని, "బండి ఎవరిది?" అని అడిగాడు. ఈసారి అది నవ్వి, "ట్యాక్సీ అండీ, రసీదు డాడీ ఫోన్‌లో ఉంది" అంది. పిన్ని కూడా నవ్వింది.

ఇలాంటి చోట్లు ఇంకా ఉన్నాయి. హిమాచల్ వెళ్తే బయటి రాష్ట్రాల సొంత కార్ల దగ్గర కూడా ప్రవేశ రుసుము తీసుకుంటారు, అక్కడ దానికి విడిగా చట్టమే ఉంది. కాబట్టి కొత్త చోటికి వెళ్ళేముందు రెండు ప్రశ్నలు వేరువేరుగా వేసుకోండి. నా బండి సొంతమా, అద్దెదా? ఆ చోటికి ప్రత్యేకంగా పాస్ ఏదైనా ఉందా?

చివరిగా, ట్రిప్‌కి కాకుండా ఉండటానికి వెళ్ళేవాళ్ళకి ఒక్క మాట. ఉద్యోగానికి ఆంధ్రా కారు తీసుకుని బెంగళూరో హైదరాబాదో వెళ్ళి, 12 నెలలు దాటి అక్కడే ఉంచితే, సెక్షన్ 47 ప్రకారం అక్కడి నంబర్ తీసుకోవాలి. అప్పుడు అక్కడి లైఫ్ ట్యాక్స్ వస్తుంది. అది పెద్ద మొత్తమే. ఎన్‌ఓసీ, ఇక్కడి ట్యాక్స్ రిఫండ్, అదంతా వేరే ఎపిసోడ్‌కి సరిపడా ఉంది.

మీ తెల్ల బోర్డు కారుని ఎవరైనా ఆపి "బోర్డర్ ట్యాక్స్ కట్టు" అంటే వాదించకండి. ఏ రూల్ కింద, రసీదు ఇస్తారా అని మర్యాదగా అడగండి. రసీదు లేని డబ్బు ట్యాక్స్ కాదు. మీరు ఏ బండిలో, ఏ దారిలో వెళ్తున్నారో కామెంట్ చేయండి, తెలిసినంత చెప్తాను. ఉంటానండీ, జాగ్రత్తగా వెళ్ళిరండి.